లై పూసిన చీటీలు

మా నాన్న పుస్తకాల బైండరు. విజయవాడ వన్‌టౌన్‌లో మా కొట్టు ఉన్న సందులో ఇంకో నాలుగు బైండింగు కొట్లు ఉండేవి. అట్టలు అంటించడానికి మైదా ఉడికించి చేసే లై అంటే బొద్దింకలకి పండగే. అందుకని నాన్న అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు. దానివల్ల ఆయన వేళ్లు పగిలి మంటపుట్టేవి.

తొంభైల చివర్లో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, మా చిన్న మావయ్య ఒక ప్లాస్టిక్ డబ్బీతో దిగాడు. ప్లగ్గులో పెడితే మనకి వినపడని శబ్దం చేస్తుందట, ఎలుక, బల్లి, బొద్దింక, దోమ అన్నీ ఊరొదిలి పోతాయట. దానికి ఏజెన్సీ కూడా తీసుకున్నాడు.

పెట్టేముందు కొట్టంతా ఖాళీ చేయించాడు. అట్టముక్కలు పారబోయించి, ఫినాయిల్‌తో కడిగించి, గోడ పగుళ్లు సిమెంటుతో మూయించాడు. వారం రోజులు ఒక్క బొద్దింక కనిపించలేదు. నాన్న మురిసిపోయి, సందులో అడిగినవాళ్లందరికీ "భేషుగ్గా ఉందండీ" అన్నాడు. ఆయన మాట మీద నాలుగు కొట్లవాళ్లూ తలా ఒకటి కొన్నారు. నాన్న లైలో మైలుతుత్తం మానేశాడు. చేతులు బాగుపడుతున్నాయని నేనూ సంతోషించాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నెల తిరక్కుండానే ఒక కాలేజీ లైబ్రరీవాళ్ల పుస్తకం వీపు బొద్దింకలు కొరికేసి కనిపించింది. మావయ్యని పిలిచి చూపించాను.

"బెదిరి బయటికొస్తున్నాయే పిచ్చిమొద్దూ! ఇంకో పదిహేను రోజులు ఆగు."

"కనపడకపోతే పారిపోయినట్టు, కనపడితే పారిపోతున్నట్టా? మరి పనిచెయ్యకపోతే ఎలా తెలుస్తుంది మావయ్యా?"

"సైన్సు పరంగా రుజువైందని పెట్టె మీదే ఉందిగా!"

పెట్టె తిరగేసి చదివాను. ఎవరు పరీక్షించారో, ఎక్కడో, ఎన్నాళ్లో ఒక్క ముక్క లేదు. ఇల్లంతా, గోడలు దాటి మరీ పనిచేస్తుందని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. నాకు ఒళ్లు మండింది. అంత సన్నటి శబ్దం దూరం పోతూంటేనే నీరసిస్తుంది, ఎదురుగా కాయితాల కట్ట ఉంటే అక్కడే ఆగిపోతుంది. బొద్దింక కూర్చునేదేమో ఆ కట్టల వెనకే. ఇక కొట్టు శుభ్రమైందీ, డబ్బీ వచ్చిందీ ఒకే రోజు. ఏది పనిచేసిందో ఎవరు చెప్పగలరు? దీని సంగతి తేల్చకుండా వదిలేది లేదనుకున్నాను.

ఉత్త లై పూసిన కాయితపు చీటీలు చేశాను. రోజూ కొట్టు మూసేముందు డబ్బీ ఎదుట కొన్ని, కట్టల వెనక కొన్ని పెట్టేదాన్ని. డబ్బీ వెయ్యాలా వద్దా అన్నది రూపాయి బిళ్ల ఎగరేసి చూసుకునేదాన్ని. డబ్బీకున్న ఎర్ర లైటు కనపడకుండా దాని మీద బైండింగుకి వాడే నల్ల కాలికో గుడ్డ అంటించాను, స్విచ్చిని అట్టతో మూశాను. పొద్దున్నే కొరికిన చీటీలు లెక్కపెట్టి రాసేది నాన్న. ఏ రోజు వేశానో, ఏ రోజు ఆపానో నా కాయితంలో రాసుకున్నాను గానీ ఆయనకి చెప్పలేదు.

"నా మీద నమ్మకం లేదటే?" అన్నాడు మొదటిరోజు, కాస్త నొచ్చుకుని.

"నామీదే నాకు లేదు నాన్నా. ఎవరికి తెలిసినా కన్ను అటే లాగుతుంది."

మూడు వారాలు పట్టుబట్టి చేశాం. నాన్న రాసిన కాయితం పక్కన నాది పెట్టి చూశాం. వేసిన రోజులకీ ఆపిన రోజులకీ తేడాయే లేదు. డబ్బీకి జానెడు దూరంలో పెట్టినవి కూడా శుభ్రంగా తినేశాయి. నాన్న లేచి చొక్కా వేసుకున్నాడు.

"ఎక్కడికి బావా?" అన్నాడు అప్పుడే కొట్టుకొచ్చిన మావయ్య.

"నాలుగు కొట్లకీ చెప్పొస్తాను."

"ఊరుకో బావా, వాళ్లేమీ అడగలేదుగా. ఇద్దరి పరువూ పోతుంది!"

"పుస్తకాలు పోతున్నాయిరా అక్కడ. నువ్వూ రా."

మావయ్య రాలేదు. నేను వెంట వెళ్లాను. మొదటి కొట్టులో పెద్దాయన అట్ట కోస్తున్నాడు. ఆయన వెనక గోడకి డబ్బీ వెలుగుతోంది. నాన్న నిలబడే చెప్పేశాడు, "ఇది పనిచెయ్యదండీ. నేను సరిగ్గా చూసుకోకుండా చెప్పాను, తప్పు నాది. లైలో మైలుతుత్తం మానకండి, పగుళ్లు మూయించండి."

పెద్దాయన కత్తి పక్కన పెట్టి నాన్న ముఖంలోకి చూశాడు. "మీరు చెప్పారనే కదండీ కొన్నాను!"

"అందుకేనండీ వచ్చాను," అన్నాడు నాన్న. ఇంకా మూడు కొట్లు ఉన్నాయి.