ఇరవై నాలుగు బిళ్లలు

అలాగని ఇందుమతి సిస్టరుది రాతిగుండె అనుకునేరు, ఆ మాట ముందే మనసులోంచి తీసేయండి. మనుషుల్ని వెనక్కి పంపింది, నిజమే. కానీ ఒక గదిలో ఒక్క మిషను పెట్టి, ఊరందరి ఆయాసాన్నీ దమ్మునీ ఆ గదికే తోలితే మీరైనా ఏం చేస్తారు చెప్పండి.

రాయగడలో స్టేషను అవతల, లారీలు తిరిగే రోడ్డు పక్కన క్రైస్తవ మిషనరీల చిన్న డిస్పెన్సరీ ఒకటి ఉండేది. దమ్ము గదికి ఇందుమతే నర్సు, ఇందుమతే అధికారి, ఇందుమతే ఊడ్చేది. నెబులైజరు ఒక్కటే. ముక్కూ నోరూ కప్పే మూతలోంచి మందు ఆవిరిగా పీల్చుకోవడానికి ఒక్కొక్కరికి పావుగంట. ఉదయం తొమ్మిది నుంచి మూడింటిదాకా చూస్తే ఇరవై నాలుగు మంది. అందుకే వచ్చిన వరసలో మనిషికొకటి ఇవ్వడానికి, నెంబర్లు కొట్టించి ఇరవై నాలుగు ఇత్తడి బిళ్లలు చేయించింది. బిళ్లలు అయిపోయాక వచ్చినవాళ్లలో మరీ పెదవులు నల్లబడిన వాళ్లని పెద్దాసుపత్రికి రిక్షా ఎక్కించేది. మిగిలినవాళ్లకి నాలుగు మాత్రలిచ్చి, "రేపు పొద్దుటే రండి, ముందు మిమ్మల్నే కూకోబెడతాను" అనేది. మర్చిపోకుండా వాళ్ల పేర్లు పాత చర్చి క్యాలెండరు కాగితాల వెనక తారీఖు వేసి రాసుకునేది. పెద్దాసుపత్రికి పంపినవాళ్లవీ అందులోనే రాసి అప్పుడే కొట్టేసేది, మిగిలినవి మర్నాడు వచ్చాక కొట్టేసేది.

రిజిస్టరులో మాత్రం బిళ్ల దొరికినవాళ్లే ఎక్కేవారు. పంతొమ్మిదేళ్ల రిజిస్టర్లు, ఒక్క దిద్దుబాటు లేదు. ఆవిడకి పెళ్లి లేదు, తమ్ముడు బొబ్బిలిలో ఉన్నా రాకపోకలు లేవు. పగలంతా గదినిండా దగ్గులు, మూడు దాటితే క్వార్టర్స్‌లో తనొక్కర్తే. సాయంత్రాలు ఆ రిజిస్టర్లకి అట్టలు వేస్తూ కూర్చునేది. ఆవిడ గర్వమంతా అదే.

రెండు వేల మూడులో ఫేబ వచ్చింది. ఇక్కడి టీచరుగారి అమ్మాయే, విశాఖలో డాక్టరీ చదివి గాలికీ రోగాలకీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తోంది. డిస్పెన్సరీ మేడ మీద గాలిని లాగే డబ్బా ఒకటి పెట్టించింది. అందులో తెల్లటి కాగితం వేస్తే రోజు తిరిగేసరికి బూడిదరంగు తేలేది. ముందూ వెనకా దాన్ని తూచి, ఆ రోజు గాలిలో సన్నధూళి ఎంతో తేల్చేవారు. రెండేళ్లపాటు ఏ రోజుదా రోజు ధూళి ఒకవైపు, ఇందుమతి రిజిస్టరులో ఆ రోజు దమ్ము రోగులు మరోవైపు.

"మేడ మీద గాలీ, మా గౌరి పొయ్యికాడ గాలీ ఒకటేటమ్మి?" అని ఇందుమతి మొదట్లోనే అడిగింది.

"ఒకటి కాదత్తా. గౌరి పీల్చేదెంతో ఈ డబ్బా చెప్పలేదు. కాని పొయ్యి పొగ ఇంచుమించు రోజూ ఒకేలా ఉంటుంది కదా. నేను మనిషికీ మనిషికీ పోల్చట్లేదు, రోజుకీ రోజుకీ పోలుస్తున్నాను. ఊరు మొత్తానికి ధూళి ఎక్కువైన రోజున ఊరు మొత్తంలో ఎంతమంది ఎక్కువొచ్చారన్నదే లెక్క. సంత రోజని, చలని వచ్చే తేడాలు విడిగా తీసేస్తాను."

గౌరి అంటే బిళ్ల దొరికినా దొరక్కపోయినా గుమ్మంలో కూర్చుని ఇందుమతితో కబుర్లాడే ముసలమ్మ. "నీకు మొగుడు లేడు, నాకు ఊపిరి లేదు, సరిపోయింది" అని నవ్వించేది. ఒక జనవరిలో బిళ్లలయిపోయాక వచ్చి, "రేపొస్తాన్లే సిస్టరమ్మా" అని వెళ్లింది. మళ్లీ రాలేదు.

రెండు వేల ఐదు చివర్లో, ఒక సోమవారం ఫేబ కంప్యూటరు కాగితం తెచ్చి టేబులు మీద పరిచింది. ధూళి పెరిగేకొద్దీ రోగులు పెరుగుతున్న గీత. పైనా కిందా రెండు చుక్కల గీతలు, అసలు లెక్క ఆ మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చని. ఇందుమతి వేలు పెట్టి గీత వెంట వెళ్లింది.

"ఎక్కుతా ఎక్కుతా ఇక్కడ సదునైపోయిందేటి?"

"అదే పెద్ద విషయం అత్తా. ధూళి ఘనమీటరు గాలికి నూట యాభై మైక్రోగ్రాములు దాటాక రోగులు మరి పెరగట్లేదు. గురువారం భువనేశ్వర్‌లో ఈ ధూళి మీదే మీటింగు. ఈ గీత చూస్తే, అంతకు మించిన ధూళితో కొత్తగా నష్టమేమీ లేదనుకుంటారు."

"ఆ ధూళి రోజులు ఏవేవో సూపించు."

ఫేబ చూపించింది. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇందుమతి వేలు కాగితం మీదే ఆగిపోయింది. అది రోగులు పెరగడం ఆగిన చోటు కాదు. తన బిళ్లలు అయిపోయిన చోటు.

గది మూసి ఇంటికి వెళ్లింది. ఇనప్పెట్టె తెరిచి క్యాలెండరు కాగితాలు ముందేసుకుంది. అవి చూపిస్తే ఏటేటా పైకి వెళ్లే రిపోర్టులో "ఎవరినీ వెనక్కి పంపలేదు" అన్న మాట అబద్ధమవుతుంది. పంతొమ్మిదేళ్ల మంచిపేరు, బహుశా ఉద్యోగం కూడా పోతుంది. చూపించకపోతే గీత చదునుగానే ఉండిపోతుంది. అన్నం వార్చింది, తినలేదు. సలహా అడగడానికి ఒక్క మనిషి లేదు. గౌరి ఉంటే అడిగేదేమో.

మంగళవారం పొద్దుటే ఆ కట్ట తెచ్చి ఫేబ ముందు పెట్టింది. ఫేబ తిరగేసి తిరగేసి తలెత్తింది.

"అత్తా, ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"వచ్చినోల్లు ఎంతమందని అడిగేవు, సెప్పేను. ఎంతమందిని పంపీసేనో అడగలేదు కదమ్మి."

డిస్పెన్సరీ చూసుకునే అమృతరావు విని పరిగెత్తుకొచ్చాడు. "ఏటి సేసేవు సిస్టరమ్మా! రిపోర్టు మీద నా సంతకముంది!"

"సంతకం మీది సారూ, రాసింది నేను. సిగ్గు సగం సగం పంచుకుందాం."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "రెండో మిషనుకి రాయమని నువ్వు మూడుసార్లు అడిగేవు. నేనే రాయలేదు" అన్నాడు నెమ్మదిగా.

రెండు రోజులు ఇద్దరు ఆడవాళ్లూ ఆ పేర్లతోనే కూర్చున్నారు. వెనక్కి వెళ్లినవాళ్లని మొదట వచ్చిన రోజుకే చేర్చి, మర్నాటి లెక్కలోంచి తీశారు. ఇందుమతి సెలవులో ఉన్న పంతొమ్మిది రోజులకి కాగితం లేదు. అక్కడ ఊహించి రాయకుండా ఆ రోజుల్నే పక్కన పెట్టింది ఫేబ. గీత మళ్లీ గీసేసరికి నూట యాభై దగ్గర ఆగలేదు, ఎక్కుతూనే పోయింది. అంతకుముందు పది మైక్రోగ్రాముల ధూళి పెరిగితే నూటికి అరమనిషి ఎక్కువనిపించింది, ఇప్పుడు ఇంచుమించు ఒక మనిషి అని తేలింది.

"చివర చుక్కల గీతలు బాగా ఎడంగా ఉన్నాయి సుమా. అంత ధూళి రోజులు తక్కువ, గట్టిగా చెప్పలేం. కాని అక్కడ ఆగిపోయిందని మాత్రం ఎవరూ అనలేరు" అంది ఫేబ.

"మరి గౌరిని ఆ దినం దూళే..."

"అది ఈ గీత చెప్పదత్తా. ఊరి గురించి చెబుతుంది. ఒక్క మనిషి గురించి చెప్పదు."

ఫేబ బుధవారం రాత్రి బండెక్కి మీటింగుకి వెళ్లిపోయింది. ఇందుమతి ఉద్యోగం పోలేదు. ఏడాదికి రెండో మిషను కూడా వచ్చింది. కాని ఆ రెండేళ్ల కాగితాల్లో కొట్టెయ్యని పేర్లు పదకొండు మిగిలాయి. రేపు రమ్మంటే రానివాళ్లు. ఆదివారం చర్చి అయ్యాక ఇందుమతి ఒక్కర్తే వాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ బయల్దేరేది. ముగ్గురు మునిగుడ వైపు పనికిపోయి బాగానే ఉన్నారు. ఐదుగురు వేరే డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఇద్దరు చనిపోయారు. వాళ్లలో ఒకరింట్లో మంచినీళ్లిచ్చారు, ఇంకొకరింట్లో తలుపే తియ్యలేదు. ఒక్కొక్క పేరూ కొట్టేస్తూ వచ్చింది.

పదకొండో పేరు గౌరి. గుడిసె ఖాళీ. పద్మపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిందని పక్కింటామె చెప్పింది. బతికుందో లేదో ఆమెకీ తెలీదు. ఆ ఒక్క పేరూ ఇందుమతి కొట్టెయ్యలేదు.

రెండు వేల ఎనిమిది చలికాలంలో ఇందుమతికే ఆయాసం పట్టుకుంది, నాలుగు రోజులైనా బతకలేదు. సామాన్లు సర్దుతుంటే చేతిసంచీలో ఒకటో నెంబరు బిళ్ల, దాంతోపాటు ఆవిడ చేత్తో రాసుకున్న చిన్న చీటీ దొరికాయి. పద్మపూర్ బస్సు ఏడున్నరకి. బ్లాకాఫీసు వెనక సందు. గౌరి కూతురు పేరు బంగారమ్మ, అడగాలి.