ముప్పై ఆరు పోగుల వైరు

సూరత్‌లో మీటరు ఇరవై ఎనిమిది చెప్పిన కరెంటు వైరును పన్నెండుకు దించినవాణ్ని నేను. ఊరికే దించలేదు, దుకాణందారు చేత చాయ్ కూడా తెప్పించుకుని, అది తాగుతూ దించాను. తొంభైల్లో ఉధ్నాలోని మరమగ్గాల లైన్లలో ఈ మాట చెప్పుకుని ఒక పూటంతా తిరిగాను. ఆ పూట దాటాక చెప్పుకోవడం మానేశాను.

మాది కరీంనగర్ వైపు. నాన్నకు తువ్వాళ్లు, లుంగీల కొట్టు ఉండేది. నడవడం నేర్చుకునే వయసు నుంచే బేరం చెవిన పడుతూ పెరిగాను. సూరత్‌కు వచ్చాక అక్క మొగుడితో, అంటే బావతో, కలిసి ఒక చిన్న రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. మరమగ్గాల ఇనప పనులు చేసేవాళ్లం. పని బావది, మాట నాది. ఆయన చేత్తో సంపాదించేవాడు, నేను నోటితో మిగిల్చేవాణ్ని. కనీసం నేను అలా అనుకునేవాణ్ని.

మా వెనక గల్లీలో ఒక మగ్గాల షెడ్డు ఉండేది. దాని వ్యవహారమంతా యజమాని తల్లి చూసేది. గుజరాతీలో తల్లిని 'బా' అంటారు, లైనంతా ఆమెను అలాగే పిలిచేది. వాళ్ల మగ్గాలు కొన్ని పాదాల దగ్గర అరిగి ఊగుతున్నాయి. కొత్త ఇనప పట్టీలు సాన పట్టి, రంధ్రాలు వేసి బిగించాలి. మగ్గాన్ని మా దగ్గరికి మోసుకురాలేం కదా, మెషిన్లే అక్కడికి వెళ్లాలి. పెద్ద చేతి గ్రైండరు రెండు వేల వాట్లు, డ్రిల్లు ఆరు వందలు. రెండూ కలిసి నడిస్తే పదకొండు ఆంపియర్లకు పైమాటే. గోడ సాకెట్టు గుమ్మం పక్కన, మగ్గాలు ఆ చివర. వారానికోసారి మగ్గాలు ఆగే సెలవు నాడే పని చేయాలి, మర్నాడు పొద్దున మళ్లీ మగ్గం ఆడాలి. పని నచ్చితే లైనులోని మిగతా షెడ్ల పనీ మాకే ఇప్పిస్తానంది బా. నచ్చకపోతే ఆ గల్లీలో ఇంకో మేస్త్రీ సిద్ధంగా ఉన్నాడు. మా షెడ్డు అద్దె ఆ పనుల మీదే నిలబడాలి.

అందుకని గట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డు కావాల్సి వచ్చింది. బావ సామాను చెప్పాడు. "త్రీ కోర్ కాపర్ వైరు, లోపల ఎర్రది, నల్లది, పచ్చది మూడు తీగలుంటయి, ఒక్కోటి రెండున్నర ఎం.ఎం. స్విచ్చి పదిహేను ఆంప్‌ది. యాదుంచుకో, జర తగ్గిచ్చి తెస్తవేమో."

"నాకు జెప్తున్నవా బావా, బేరం?"

"బేరం గాదురా, వైరు జెప్తున్న."

దుకాణందారు ముందు పెట్టిన చుట్ట మీద మీటరు ఇరవై ఎనిమిది అన్నాడు. నేను ఎనిమిది అన్నాను. ఆయన నవ్వాడు, నేను నవ్వలేదు. మెట్టు దిగి మళ్లీ ఎక్కాను. పన్నెండు దగ్గర ఆయన చేతులెత్తేసి, లోపల ఉన్న మనిషికి కేకేశాడు: "అందర్‌వాళో లావ్!" లోపలిది తే అని. నా గుండె పొంగింది. నా దెబ్బకు స్పెషల్ సరుకు లోపల్నుంచి వస్తోందనుకున్నాను. వచ్చిన చుట్టను బట్టలాగా రెండు వేళ్ల మధ్య నలిపి చూశాను. లావుగా, మెత్తగా, బరువుగా ఉంది. ఇరవై మీటర్లు కోయించాను. ఫ్యూజు వైరు ఉన్న అట్టముక్కను కొసరుగా లాక్కున్నాను. స్విచ్చి దగ్గర కూడా తెలివి చూపించి, పెద్దది ముప్పై అయిదయితే అదే రంగులో ఐదు ఆంపియర్లది పదికే తెచ్చాను. బోర్డు మీద రెండూ ఒకేలా కనబడతాయి.

బావ ఇంకో పనిలో ఉండగా బోర్డు నేనే బిగించాను. సెలవు నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లి మెషిన్లు పెట్టాం. డ్రిల్లు ఒక్కటే నడిచినప్పుడు బాగానే ఉంది. గ్రైండరు కూడా మొదలు కాగానే బోర్డులోని ఫ్యూజు టప్పున పోయింది. బావ మగ్గం కింద దూరి ఉన్నాడు. నేను కొసరు వైరులోంచి మూడు పోగులు పురిపెట్టి ఫ్యూజులో చుట్టేశాను. ఇక పోలేదు. పోదు కదా, దాని నోరు కట్టేశాను.

బా గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని చూస్తోంది. ఆ షెడ్డులో నేలంతా నూలు దూది. అంటుకుంటే ఆర్పడానికి తడి గోనెలు, ఇసుక బకెట్లు ఎప్పుడూ ఉంటాయి. మేము వాడని వైరంతా చుట్టగా ఆమె పీట పక్కనే పడి ఉంది. కాసేపటికి ఆమె వంగి, చేతి వెనక భాగాన్ని ఆ చుట్టకు ఆనించి, వెంటనే తీసేసుకుంది. లేచి గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేసింది.

"దీకరా, ఇలా రా," అంది నాతో. బిడ్డా అని. "ముట్టుకో."

ముట్టుకున్నాను. పైతొడుగు మెత్తబడి వేలికి అంటుతోంది.

"నీ ఇంట్లో రొట్టె దీని మీదే కాల్చుకుంటావా?"

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"సాయంత్రం దాకా చూస్తా. సరైన బోర్డు తెస్తే పని మీది. లేదంటే ఆ మేస్త్రీని పిలుస్తా. ఈ వైరు మాత్రం నా గడప లోపలికి రాకూడదు."

బావ మగ్గం కింద నుంచి బయటికొచ్చాడు. ఆ వైరు కొస కోసి, తొడుగు ఒలిచి, లోపలి ఎర్ర తీగలోని రాగిపోగులు విడదీసి లెక్కపెట్టాడు. పద్నాలుగు.

"రెండున్నరకు ముప్పై ఆరుంటయి. గిది ఒక్క ఎం.ఎం. రబ్బరు లావుంది, రాగి లేదు. గీ ఫ్యూజేంది, జడ అల్లినవా?" స్విచ్చి కూడా విప్పాడు. లోపలి నాలుక నల్లబడి ఉంది. "పాపం గిదేమో పంకాకు పుట్టింది, దీని మెడకు గ్రైండరు గట్టినవ్."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మా కొట్లో గిరాకీ మరీ ధర తొక్కేస్తే నాన్న పోట్లాడేవాడు కాదు. "లోపలి మాలు తేరా" అని నాతో అనేవాడు. నేను లోపలికెళ్లి రెండో రకం తువ్వాళ్లు తెచ్చేవాణ్ని. గిరాకీ గెలిచానని మురిసిపోతూ వెళ్లేవాడు. ఆ కేక తెలుగులో వింటూ పెరిగినవాణ్ని, గుజరాతీలో వినేసరికి మర్యాద అనుకున్నాను. దుకాణందారు నన్ను మోసం చేయలేదు. పన్నెండు రూపాయలకు పన్నెండు రూపాయల వైరే ఇచ్చాడు. నేను ధర తగ్గించలేదు, సరుకు తగ్గించుకున్నాను.

"తిరిగి ఇచ్చేసొస్తా బావా."

"కోసిన గుడ్డ మీ నాయిన వాపస్ తీస్కునేటోడా?"

తీసుకునేవాడు కాదు. రిక్షా ఎక్కాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను: ఇవాళ ఆ షెడ్డులో మగ్గాలు మా చేతుల మీదుగానే లేవాలి.

నన్ను చూడగానే దుకాణందారు చాయ్‌కి కేకేశాడు. వద్దన్నాను. బయటున్న మొదటి చుట్టే ఇమ్మని, కొస ఒలిచి చూపించమన్నాను.

"ఏం సేఠ్, ఇవాళ భావ్ అడగవా?"

"ధర తర్వాత. ముందు పోగులు లెక్కపెట్టు."

ఆయన గల్లాపెట్టె మీద రాగిపోగులు పరిచాడు. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ముప్పై ఆరు. ఇరవై ఎనిమిది చొప్పున ఇరవై మీటర్లకు ఒక్క రూపాయి కూడా తగ్గించమనలేదు. నోరు దురద పెట్టిన మాట నిజమే. పదిహేను ఆంపియర్ల స్విచ్చి, అన్నే ఆంపియర్ల ఫ్యూజు వైరు, బోర్డు లోపల ఒకదాన్నొకటి కలిపే జంపర్లకు రెండున్నర వైరు ముక్క, రెండు క్లాంపులు కూడా అడిగాను. ఆయనే తబ్బిబ్బయి రూపాయి తగ్గిస్తానన్నాడు. వద్దన్నాను, ఎక్కడ మళ్లీ లోపలికి కేకేస్తాడోనని.

మా షెడ్డులో ఈసారి బావ చెప్పాడు, నేను బిగించాను. ఎర్రది ఫేజు. అది ముందు పింగాణీ ఫ్యూజుకు, అక్కణ్నుంచి స్విచ్చికి, స్విచ్చి నుంచి రెండు సాకెట్ల కుడి రంధ్రాలకు. నల్లది న్యూట్రలు, తిన్నగా ఎడమ రంధ్రాలకు. ఆకుపచ్చది ఎర్తు, స్విచ్చి జోలికీ ఫ్యూజు జోలికీ పోకుండా నేరుగా పైనున్న పెద్ద రంధ్రాలకు.

"స్విచ్చి నల్లదాన్ల పెడ్తే ఏమైతది?" పరీక్ష పెట్టాడు బావ.

"మెషిన్ ఆగుతది."

"ఆగుతది. గని సాకెట్ల కరెంటు అట్లనే కూసుంటది. ఆగిందని చెయ్యి పెట్టినోడు సచ్చూర్కుంటడు. మల్ల జెప్పు, స్విచ్చెక్కడ?"

"ఎర్రదాన్ల."

"ఫ్యూజు?"

"ఎర్రదాన్లనే. పదిహేనుది, ఒక్కటే పోగు. జడ లేదు."

పోగుల్లో ఒక్కటి కూడా తెగకుండా ఒలవమన్నాడు. రెండుసార్లు తెగాయి, రెండుసార్లూ కొస కోయించి మళ్లీ ఒలిపించాడు. పోగులు గట్టిగా మెలిపెట్టి, స్క్రూ కింద ఒక్కటి కూడా బయటికి పొడుచుకు రాకుండా బిగించాను. వైరు పెట్టెలోకి దిగే చోట క్లాంపు వేశాం, ఎవరైనా లాగితే బరువు స్క్రూల మీద పడకుండా. ప్లగ్గు లోపలా అంతే. ఆకలి వేసింది గానీ తినడానికి లేవలేదు, ఆయనా లేవలేదు.

మేము బా షెడ్డుకు వెళ్లేసరికి ఎండ వాలుతోంది. వైరును చుట్టగా ఉంచకుండా మొత్తం విప్పి, దూది తగలకుండా గోడ మేకుల మీదుగా పైకెత్తి తీసుకెళ్లాం. గ్రైండరు, డ్రిల్లు రెండూ ఒకేసారి నడిపాం. బా చాయ్ పెట్టించి, అది కాగి, వడకట్టి, తాగడం అయ్యేదాకా ఆపనివ్వలేదు. తర్వాత లేచి గుమ్మం నుంచి ఆ చివరిదాకా వైరు వెంట నడిచింది. ప్లగ్గు దగ్గర, క్లాంపు దగ్గర, స్విచ్చి మీద, ఫ్యూజు మూత మీద చేతి వెనక భాగాన్ని ఆనించింది. ఆమె చెయ్యి ఎక్కడైనా వెనక్కి వస్తుందేమోనని నేను ఆ చేతినే చూస్తున్నాను. రాలేదు.

"ఇది వైరు," అంది. "ఇక పని చూడండి."

చూశాం. మర్నాడు పొద్దున మగ్గాలు ఊగకుండా లేచాయి. తర్వాతి వారం పక్క షెడ్డు నుంచి కబురొచ్చింది.

ఇక లెక్క. మొదటి బోర్డు: పెట్టె, మూత షీటు అరవై, సాకెట్లు డెబ్బై, పింగాణీ ఫ్యూజు పదిహేను, ప్లగ్గు ఇరవై అయిదు, చిన్న స్విచ్చి పది, నేను గెలిచిన వైరు రెండు వందల నలభై. మొత్తం నాలుగు వందల ఇరవై. రెండోసారి: వైరు ఐదు వందల అరవై, స్విచ్చి ముప్పై అయిదు, ఫ్యూజు వైరు ఐదు, జంపర్లు, క్లాంపులు పది. ఆరు వందల పది. రిక్షా రానూ పోనూ ఇరవై. వెరసి వెయ్యిన్నీ యాభై. మొదటే సరిగ్గా కొని ఉంటే ఏడు వందల ఎనభైతో అయిపోయేది. ఎక్కువైన రెండు వందల డెబ్బై నా పద్దులోనే రాయమన్నాడు బావ. నేను బేరమాడలేదు. బా ఇచ్చిన కూలి పదిహేను వందలు. అందులో ఏడు వందల ఎనభై పోగా మిగిలింది చెరి సగం, నా సగంలోంచి ఆ రెండు వందల డెబ్బై కోత. బావకు మూడు వందల అరవై. నాకు తొంభై.