దీనమ్మ గారి సముద్రపు గౌను

నా డప్పు నేనే కొట్టుకోకూడదు గానీ, రాయ్‌పూర్ రైల్వే కాలనీలో బాప్తిస్మపు గౌను అంటే రెబెకానే. ఇరవై రెండేళ్లుగా కుడుతున్నాను. దేవేంద్ర నగర్ నుంచి కారు వేసుకొచ్చి మరీ జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లున్నారు. ఇంత పేరున్న మనిషికి ఎవరైనా సలహా చెబితే ఎలా ఉంటుంది? నాకైతే ఒళ్లు మండుతుంది. ఆ మంట చల్లారడానికి నాకు ఒక సముద్రం కావలసి వచ్చింది.

2017లో దీపావళి సెలవులకు పూరీ వెళ్దామన్నది మా అత్తయ్య. ఆవిడ పేరు దీనమ్మ. అరవై ఆరేళ్లు. బందరు దగ్గర పుట్టి, నర్సు ఉద్యోగానికి రాయ్‌పూర్ వచ్చి, ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైంది. పుట్టింటికి కూతవేటు దూరంలో సముద్రం ఉన్నా ఒక్కసారి కూడా అందులో మునగలేదావిడ. వాళ్ల నాన్న ఊళ్లో చర్చి నడిపే ఉపదేశి. తడిబట్టలతో నలుగురిలో నిలబడితే ఉపదేశి కూతురి పరువేం కావాలి? పెళ్లయ్యాక సముద్రమే లేదు. నలభయ్యో ఏట చేతుల మీద, మెడ మీద, కాళ్ల మీద బొల్లి మచ్చలు వచ్చాయి. అప్పటి నుంచి ఎండాకాలంలో కూడా మోచేతులు దాటిన చేతుల జాకెట్టే. ఆ మచ్చలు ఎండకు చాలా త్వరగా కమిలిపోతాయి కూడా.

"ఒక్కసారి అలలో కూర్చోవాలనుంది రెబెకా. మోకాళ్లు బాగున్నప్పుడే," అంది. ఈ మాట ఆవిడ నా పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నన్ను అడిగిన మొదటి కోరిక. అందుకే నేను రెచ్చిపోయాను.

చర్మం డాక్టరు చెప్పింది చాలా మామూలు విషయం. ముదురు రంగు, చిక్కగా అల్లిన బట్ట, చేతులూ మెడా కప్పేట్టు, తొందరగా ఆరేది. బట్ట కప్పని చోట క్రీము. ఇందులో నా చెవికెక్కింది 'కప్పేట్టు' ఒక్కటే. మా అమ్మాయి నవ్య, పదమూడేళ్లది, ఫోనులో ఏదో ఈత బట్టల బొమ్మ చూపించింది. తొడల దాకా పొడుగు చొక్కాలాంటి ట్యూనిక్కు, కింద నిండు ప్యాంటు, సాగే నైలాన్ లైక్రా.

"మమ్మీ, నానమ్మకి ఇలాంటిది తెప్పిద్దాం. నీళ్లు పీల్చదు, జల్దీ సూఖ్ జాతా హై."

"ఆ జారుడు బట్టా? తొందరగా ఆరితే సరిపోతుందా? ఒంటికి నూలే మంచిది. నాకు చెప్పొచ్చావా నువ్వు?" అన్నాను. కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు నా గొంతు నాకే గొప్పగా వినిపిస్తుంది.

పండ్రీ బజారుకు వెళ్లి మేలైన మీగడ రంగు నూలు పాప్లిన్ తెచ్చాను. తడిస్తే లోపలిది కనబడకుండా రెండు పొరలు వేశాను. మెడ మూసి, చేతులు మణికట్టు దాకా, పొడవు చీలమండ దాకా. ఇక అసలు విద్య అంచులో ఉంది. బాప్తిస్మపు తొట్టిలో దిగినప్పుడు గౌను బుడగలా పైకి తేలకుండా అంచు మడతలో సీసపు గుండ్లు కుడతాం. వలల సామాను అమ్మే కొట్లో దొరుకుతాయి. చర్చి గౌనుకు ఎనిమిది చాలు. సముద్రం కదా, పెద్ద నీళ్లు కదా అని నేను పద్దెనిమిది కుట్టాను. బాత్రూములో పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము నింపి పరీక్ష కూడా చేశాను. గౌను అంగుళం కూడా పైకి లేవలేదు. మా బాత్రూములో అలలు లేవన్న సంగతి నాకు తట్టలేదు.

మా ఆయన సునీల్‌కు పాప్లిన్ లాల్చీ పైజమా, నవ్యకు పాప్లిన్ కుర్తా సల్వార్ కుట్టాను. ఇద్దరూ ఎదురుచెప్పకుండా సంచిలో పెట్టుకున్నారు. ఆ నిశ్శబ్దాన్ని అనుమానించాల్సింది. నా మట్టుకు నాకు ఏమీ కుట్టుకోలేదు. చెప్పులూ పర్సులూ ఎవరో ఒకరు కాపలా కాయాలి కదా, పైగా నేను నిపుణురాలిని, ఒడ్డున నిలబడి చూసేదాన్ని.

పొద్దున్నే పూరీలో దిగి, లాడ్జిలో సామాను పడేసి, తొమ్మిదింటికి ఒడ్డుకు వెళ్లాం. అక్కడే నా కుటుంబం నాకు వెన్నుపోటు పొడిచింది. సునీల్ లాల్చీ విప్పితే లోపల తను పనిచేసే రైల్వే వర్క్‌షాపు క్రికెట్ టీము వాళ్ల నిండు చేతుల జెర్సీ, నైలాన్ నిక్కరు. నవ్య కుర్తా కింద స్కూలు ఆటల ట్రాక్‌సూట్. ఇద్దరూ నా మొహం చూడకుండా నీళ్లలోకి పరుగెత్తారు.

మిగిలింది అత్తయ్య. గౌను వేసుకుని, మొహానికి క్రీము, గడ్డం కింద తాడు బిగించిన టోపీతో, పాస్టరు కోసం ఎదురుచూస్తున్నదానిలా నిలబడింది. ఆవిడను పట్టుకోవడానికి ఒక నోలియాను మాట్లాడాం. పూరీలో స్నానాలు చేయించే బెస్తవాళ్లను అలా అంటారు. తెల్లటి మొనదేలిన టోపీ పెట్టుకుంటారు, చాలామంది ఇళ్లలో తెలుగే. ఈయన పేరు బంగారయ్య.

మోకాలిలోతు దాకా బాగానే నడిచింది. మొదటి అల వచ్చింది. గౌను రెండు పొరలూ నిండుగా నీళ్లు తాగాయి. అల వెనక్కి వెళ్లేటప్పుడు అంచులో గుండ్లన్నీ ఒక్కసారిగా సముద్రం వైపు లాగాయి. తడి గుడ్డ రెండు కాళ్లకూ చుట్టుకుంది. అడుగు ఎత్తబోయి ఎత్తలేక అత్తయ్య మోకాళ్ల మీద పడిపోయింది. రెండో అల నెత్తి మీంచి పోయింది. బంగారయ్య చంకల కింద చేతులేసి ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు. మీగడ రంగు గౌను రెండు పొరలూ ఒంటికి అతుక్కుని, తడిసిన ఉల్లిపొరలా ఉంది. చుట్టూ జనం. ఆవిడ రెండు చేతులూ గుండెకు అడ్డం పెట్టుకుని ఇసుకలో కూర్చుండిపోయింది.

బంగారయ్య అంచు పట్టుకుని నొక్కి చూశాడు. "ఏటమ్మా ఇది? వల గుండ్లా? వల మునగాలని మేం కడతాం. మీరు ముసలామెకి కట్టీసినారేటి?"

నా ఇరవై రెండేళ్ల అనుభవంతో నేను వంగి అత్తయ్య టోపీ తాడు సరిచేశాను.

"ఈ బట్టతో మళ్లీ దింపను. ఎంత డబ్బిచ్చినా దింపనండి," అన్నాడాయన. "ఒంటికి అంటుకుని తేలిగ్గా ఉండాల, నీరు ఇటొచ్చి అటు పోవాల."

అత్తయ్య తువ్వాలు కప్పుకుని లాడ్జికి నడిచింది. గదిలో మంచం మీద కూర్చుని, "చాలమ్మా. చూశాను కదా," అంది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. మర్నాడు సాయంత్రమే మా తిరుగు రైలు. వీడ్కోలు చెప్పే గొంతు అది. నాకు నా మీద అసహ్యం వేసింది.

బాల్కనీలో తీగ మీద సునీల్ జెర్సీ గంటలో ఆరి ఎగురుతోంది. నా గౌను మధ్యాహ్నం మూడింటికి కూడా నేల మీద చుక్కలు పెడుతోంది. ఆ పక్కనే కుర్చీ వేసుకుని రెండింటినీ మార్చి మార్చి చూశాను. చివరికి నవ్యను పిలిచి, "ఆ ఫోను బొమ్మ మళ్లీ చూపించు," అన్నాను. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి నాకు పట్టిన శ్రమ పద్దెనిమిది గుండ్లు కుట్టడానికి పట్టలేదు.

బొమ్మను పెద్దది చేసి చూస్తే ట్యూనిక్కు లోపలి వైపు ఒక చిన్న పట్టీ ఉంది. అది ప్యాంటు నడుముకు తగులుకుంటుంది. అంతే. పైకి తేలకుండా ఉండటానికి బరువు పెట్టక్కర్లేదు, కిందిదానికి కట్టేస్తే చాలు. తొట్టిలో నీళ్లు నిలబడి ఉంటాయి గనక బరువు పనిచేసింది. అలలో బట్ట మనిషితోనే కదలాలి. ఇంత చిన్న సంగతి నా విద్యకు అందలేదు.

ఇద్దరం బజారుకు పరుగెత్తాం. నల్లటి దళసరి లెగ్గింగు ఒకటి, ఆటగాళ్లు వేసుకునే ముదురు నీలం పాలిస్టర్ జిప్ జాకెట్టు అన్నింటికన్నా పెద్ద సైజుది ఒకటి, అదే రంగు జెర్సీ ఒకటి కొన్నాం. కొనే ముందు ఒక్కొక్కదాన్నీ చేతి మీద సాగదీసి కొట్టు గుమ్మం దగ్గర ఎండకు పెట్టి చూశాను. వెలుతురు దూరలేదు. మంచినీళ్ల సీసాతో ఒక మూల తడిపి మళ్లీ చూశాను. కొట్టువాడు తిట్టాడు. పడ్డాను, పడాల్సినదాన్నే.

సందు చివర ఒక దర్జీ ఉంటే బతిమాలి గంటసేపు మిషను తీసుకున్నాను. జెర్సీ కోసి జాకెట్టు కింద తొడల సగం దాకా జత చేశాను, పక్కల నీళ్లు పోయేందుకు చీలికలు పెట్టాను. సాగే బట్ట గనక కొంచెం లాగి పట్టుకుని కుట్టాను, లేకపోతే ఒళ్లు వంచగానే దారం తెగుతుంది. లోపల ముందొకటి, వెనకొకటి పట్టీలు పెట్టి గుండీలు వేశాను. లెగ్గింగు నడుముకు కాజాలు. ఇరవై రెండేళ్లలో నేను కుట్టిన అన్నింటికన్నా అందవికారమైన బట్ట అదే.

మర్నాడు పొద్దున ఏడింటికి, ఎండ ఎక్కకముందే వెళ్దామన్నాను. అత్తయ్య రానంది. నేను కాళ్లు పట్టుకోబోతే లేచి వేసుకుంది. ఒడ్డున బంగారయ్య బట్ట పక్కలు పట్టి లాగి చూశాడు, పట్టీలు ఊడలేదు. "ఇదీ బట్ట," అన్నాడు.

నడుములోతుకు వెళ్లేదాకా ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు. అల వచ్చింది. జాకెట్టు తేలలేదు, అతుక్కోలేదు, నీళ్లు చీలికల్లోంచి జారిపోయాయి. ఇంకొకటి వచ్చింది. అప్పుడు ఒడ్డుకు దగ్గరగా వచ్చి, తీరిగ్గా, చర్చి బల్ల మీద కూర్చున్నట్టు ఇసుకలో కూర్చుంది. అల గుండెల దాకా వచ్చి కొట్టింది. ఆవిడ నవ్వింది. నా పెళ్లిలో కూడా ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"రెబెకా, నువ్వూ రామ్మా!"

"నాకు బట్టలు లేవత్తయ్యా."

"ఒంటి మీద ఉన్నవేంటి? రా!"

నా ఒంటి మీద ఉన్నది లేత గులాబీ నూలు చుడీదార్, ఒంటి పొర. నిపుణురాలిగా దాని సంగతి నాకు తెలిసి ఉండాల్సింది. చెప్పులు సునీల్ చేతికిచ్చి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. నాలుగు అలలకు అది నిలువునా తాగింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం అరిచాం, నవ్వాం, ఉప్పునీళ్లు మింగాం. ఎనిమిదిన్నరకు బంగారయ్య ఇక చాలన్నాడు.

లేచి నిలబడ్డాక నా గతి నాకు అర్థమైంది. చుడీదారులో నేను దాచుకున్నవన్నీ సముద్రం పూరీ జనానికి చూపిస్తోంది. చున్నీ కూడా తడిసి తాడైంది. తువ్వాలు లాడ్జిలోనే మరిచిపోయాను. లాడ్జి దాకా రోడ్డంతా టీ బళ్లు, జనం. నేను రెండు చేతులూ గుండెకు అడ్డం పెట్టుకుని అలాగే వంగిపోయాను.

అత్తయ్య నా ముందుకొచ్చింది. ఆమె బట్ట అప్పటికే నీళ్లు కారడం మానేసింది.

"నా వెనకాలే నడు. తల వంచుకోకు," అంది.

ఒడ్డు నుంచి లాడ్జి దాకా, నలుగురూ చూస్తుండగా, తడిబట్టల్లోనే, ఉపదేశి కూతురు నాకు అడ్డంగా తల ఎత్తుకుని నడిచింది.