పూడ్చిన బావి గిలక

మనం మరచిపోయిన దినాలను సైతం తన యెదుట ఉంచుకొని ఒక్కటీ జారిపోనివ్వని దేవునికి మొదట స్తోత్రం. ఈ వయసులో నా కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో నాకే తెలియని రోజులున్నాయి. ఆయనకు తెలుసు. అది చాలు.

1936 జూన్‌లో నన్ను మైదుకూరుకు కొన్ని మైళ్ల దూరంలోని ఒక మిషను ఊరికి, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో రెండవ సహాయోపాధ్యాయుడిగా వేశారు. నా పని సంభాషణ పాఠం నేర్పడం. ఇద్దరు ముగ్గురు మాట్లాడుకొనే చిన్న రంగం రాసి, దాన్ని ఊరివాళ్ల ముందు నడిపించడాన్ని మేము సంభాషణ అనేవాళ్లం. నాటకమంటే సంఘపు పెద్దలు ఒప్పుకోరు, సంభాషణ అంటే ఒప్పుకుంటారు. శిక్షణ పొందే ప్రతివాడూ పట్టా చేతికొచ్చే లోపల ఒక సంభాషణ నడిపి చూపించాలి.

మా ప్రార్థన గుడి పక్క గదిలో ఆశీర్వాదం అనే ముసలాయన ఉండేవాడు. ఇరవై ఏళ్లకు పైగా గుడి గంట కొట్టింది ఆయనే. గది ఆ ఉద్యోగంతో వచ్చిందే. భర్త పోయిన కూతురు రూతమ్మ ఆయనతోనే ఉంటూ, మా వసతిగృహంలో జొన్నలు విసిరేది.

ఆ ఏడు వేరుశనగ కోతలప్పుడు, ఒక బుధవారం పట్టపగలు గంట మోగింది. మా దగ్గర వేళ కాని వేళ గంట మోగితే చావు కబురు. చేలల్లో ఉన్న జనమంతా పనులు వదిలి పరుగెత్తి వచ్చారు. ఎవరూ చనిపోలేదు. ఆశీర్వాదం తెల్ల పంచె కట్టుకొని, ఆదివారం ఆరాధనకు ఇంత ఆలస్యంగా వస్తారా అని అందరినీ కోప్పడ్డాడు. వారం తిరగకుండా మళ్లీ అదే జరిగింది.

సంఘపు పెద్దల్లో యోసేపు అనే రైతు గట్టి మనిషి. ఆశీర్వాదం బాప్తిస్మానికి ముందు కల్లు తాగేవాడన్న సంగతి ఆయనకు బాగా గుర్తు. "ఏమప్పా, చచ్చిపోయినోళ్లతో మాట్లాడతాడంట, పొద్దు వాలితే నడక తూలుతాంది. ఇది కల్లు గాక ఇంగేముండాది?" అన్నాడు. తాగినట్టు తేలితే ఉద్యోగమూ గదీ రెండూ పోతాయి. అది సంఘపు క్రమం. కోత పండుగ మరుసటి సోమవారం పెద్దల కూటంలో తేల్చాలని పాస్టరుగారు రోజు నిర్ణయించారు. కూటం తీర్మానాలు రాసేది నేనే.

రూతమ్మ నా దగ్గరకొచ్చింది. ఏడవలేదు. "అయ్యవారూ, మా నాయన తాగడంల్యా. మరిచిపోతాండాడు. నేను చెప్తే కూతురు గాబట్టి చెప్తాండాదంటారు. మీరు కోత పండగకు ఏదో సంభాషణ చేపిస్తారంట గదా. వాళ్లకు కండ్లారా కనపడేట్టు చెయ్యండి" అంది.

నేను రాశాను. ఆశీర్వాదాన్ని అందరి ముందు నిలబెట్టడం నాకిష్టం లేదు. అందుకని నా రంగంలోని ముసలాయనను కపిల తోలిన రైతును చేశాను. ఎద్దులు వాలుబాటలో దిగుతూ మోకును లాగితే, గిలక మీదుగా తోలు బాన బావిలోనుంచి నీళ్లు తెచ్చే ఏర్పాటే కపిల. ముసలాయన వేషం దానియేలు అనే విద్యార్థికి, కూతురి వేషం ఇంకొక విద్యార్థికి ఇచ్చాను. కూతురు ముందుకొచ్చి, "మా నాయనకు మతిమరుపు వచ్చింది, ఆయన బాధ చూడండి" అని చెబుతుంది. ముసలాయన తల పట్టుకొని "అయ్యో, నాకేమీ గుర్తు లేదే" అంటాడు.

అభ్యాసం చూడటానికి వసతిగృహం వంటవాళ్లు వచ్చారు. దానియేలు తల పట్టుకోగానే వాళ్లు పడీ పడీ నవ్వారు. "ఈ ముసిలాయప్పకు అప్పు అడిగితే గూడా గుర్తుండదు లేప్పా" అన్నాడొకడు. గోడ పక్క నిలబడిన రూతమ్మ మాత్రం నవ్వలేదు.

అందరూ వెళ్లిపోయాక ఆమె అంది: "అయ్యవారూ, మీరు బయట నిలబడి చూస్తాండారు. మరిచిపోయినట్టు మా నాయనకు తెల్దు గదా. ఆయనకు మనమే తప్పు చెప్తాండామనిపిస్తాది."

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా పనిని గురించి నేను విన్న మాటల్లో ఇంతకు మించింది లేదు.

మరునాటి సాయంత్రం వాళ్ల గది ముందర అరుగు మీద కాగితాలతో కూర్చున్నాను. ముసలాయన నన్ను ఏ ఊరని అడిగాడు. చెప్పాను. కాసేపటికి మళ్లీ అడిగాడు. అదే మాట, అదే గొంతు, చివర అదే చిన్న నవ్వు. మరచిపోయిన మనిషి ప్రశ్నను మార్చి అడగడు, మొదటిసారిలాగే అడుగుతాడు. అది రాసుకున్నాను. చేతిలో ఉన్న చెంబు కోసమే వెదికాడు. ఉదయం తిన్నది తెలియదు గానీ, చిన్ననాటి కరువులో మూడు ఊర్లు దాటి నీళ్లు తెచ్చిన బాటలో ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ తుమ్మచెట్టు ఉందో చెప్పాడు. దూరంగా ఎవరి చేనులోనో కపిల గిలక కిర్రుమంటే ఆయన ముఖం తేటపడింది. "ఎద్దులు దిగుతాండాయి" అన్నాడు. దిగినాయి అనలేదు. ఆయన పోయిన కాలాన్ని తలచుకోవడం లేదు. ఆ కాలంలోనే ఉన్నాడు. లేచి నడిచేటప్పుడు ఆ గది తెలియనివాడిలా తడుముకుంటూ తూలాడు. యోసేపు చూసిన తూలుడు ఇదే.

బైబిలులో కళ్లు మసకబారిన పితరుడొకాయన, ఎదుట నిలబడిన కొడుకు ఎవరో చూడలేక, ఒక సంగతి చెవితో, మరొక సంగతి చేతితో తెలుసుకొన్న వృత్తాంతాన్ని నేను ఆదివారపు బడిలో ఎన్నోసార్లు చెప్పాను. ఆ రాత్రి ప్రార్థనలో అది జ్ఞాపకమొచ్చింది. ముసలాయన మనసులోకి పోవడానికి నాకు రెండే దారులు: చెవి, చేయి.

పాత కాగితం చించి మళ్లీ రాశాను. మతిమరుపు అన్న మాట ఎక్కడా లేదు. తెర వెనుక ఒక నిజమైన గిలకను దూలానికి కట్టించి, దానికున్న ఆముదాన్ని బూడిదతో తుడిపించాను, బాగా అరవాలని. మోకు కొసన బరువు కోసం రాయి. నియమం ఒకటే: చప్పుడు ముందు, మాట తరువాత. మాట ముందొస్తే ముసలాయన ఊహించుకున్నట్టుంటుంది. చప్పుడు ముందొస్తే జనం కూడా విన్నవాళ్లవుతారు. కూతురు వేషానికి మాత్రం ఆ చప్పుడు వినపడకూడదు.

రాగి చెంబు మూడుసార్లు రావాలి, ప్రతిసారీ వేరే వస్తువుగా. మొదట అది నీళ్లు తాగే చెంబు. రెండోసారి, చేతిలో ఉండగానే కనపడని చెంబు. మూడోసారి ఏమిటన్నది చివర తెలియాలి.

ఒక చిక్కు మిగిలింది. మనం కూతురినీ అమ్మా అంటాం, తల్లినీ అమ్మా అంటాం. ముసలాయన ఎప్పుడు కూతురిని పిలుస్తున్నాడో, ఎప్పుడు ఎన్నడో పోయిన తల్లిని పిలుస్తున్నాడో మాటలో తేడా లేదు. మొదట తల్లిని వేరే మాటతో పిలిపిద్దామా, కూతురిని పేరు పెట్టి పిలిపిద్దామా అని తంటాలు పడ్డాను. తరువాత ఆ చిక్కే నాకు కావలసిందని అర్థమైంది. ఒకే మాట మీద నిలబడి మనిషి అరవై ఏళ్లు వెనక్కి పోవచ్చు. జనానికి దాటిన తరువాత గానీ దాటినట్టు తెలియదు.

కోత పండుగనాడు కానుకల జొన్న గంపలు, గుమ్మడికాయలు గుడి ముందు పేర్చారు. పొద్దు వాలే వేళకు చప్పరం కింద సంభాషణ మొదలైంది. ఆశీర్వాదం ముందు వరుసలో, రూతమ్మ పక్కన. యోసేపు పెద్దల బల్ల మీద.

తెర వెనుక గిలక రెండుసార్లు సన్నగా కిర్రుమంది.

"అమ్మా, కపిల కట్నారా?" అన్నాడు ముసలాయన వేషంలోని దానియేలు.

"కపిల యాడిది నాయనా? ఆ బావి పూడ్చి శానా ఏండ్లాయ. ఇంద, నీళ్లు తాగు" అని కూతురు చెంబు ఇచ్చింది.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గిలకను వాళ్లూ విన్నారు.

"అమ్మా, నా చెంబు యాడ?"

"నీ చేతిలోనే ఉండాది గదా నాయనా!"

"అమ్మా, కపిల కట్నారా?" అదే గొంతు, అదే చిన్న నవ్వు. గిలక ఈసారి బిగ్గరగా, ఎద్దు అడుగుల లెక్కన ఆగి ఆగి అరిచింది.

సరిగ్గా అప్పుడు ముందు వరుసలో ఆశీర్వాదం లేచి నిలబడ్డాడు. ఆయన తెర వైపు చూస్తూ, "ఎవురప్పా ఆడ? గిలకకు రోంత ఆముదం ఎయ్యండి. మొత్తుకుంటాండాది, ఇనపడల్యా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. గిలక మొత్తుకుంటూనే ఉంది. వాళ్ల చెవులకు వినపడినదే ఆయన చెప్పాడు. రూతమ్మ ఆయన చేయి పట్టుకొని, "ఏస్తారులే నాయనా, కూర్చో" అంది. ఆయన నెమ్మదిగా కూర్చున్నాడు.

దానియేలు తెలివైనవాడు. ఆ మాట సద్దుమణిగేదాకా కదలకుండా ఆగి, చెంబును రెండు చేతులా పట్టుకొని, నీళ్లు తొణకకుండా, రాళ్ల బాట నడిచినట్టు అడుగు తీసి అడుగు వేస్తూ కూతురి దగ్గరకు పోయి, చిన్నపిల్లవాడి గొంతుతో అన్నాడు: "అమ్మా, నీళ్లు తెచ్చినా. ఒక్క చుక్క గూడా ఒలకపోయల్యా. తాగు. నువ్వు తాగితే బతుకుతావని చెప్పినారు."

మూడోసారి అది కరువునాటి చెంబు. కూతురు నోరు తెరిచింది, నేను నీ కూతురిని నాయనా అని చెప్పడానికి. చెప్పలేదు. చెంబు అందుకొని తాగింది. గిలక ఆగిపోయింది.

అంతే సంభాషణ. పది నిమిషాలు కూడా పట్టలేదు. పాస్టరుగారు లేచి ప్రార్థన చేశారు.

సోమవారం కూటంలో నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. మొదట మాట్లాడింది యోసేపు. "ఆ గిలక నాకు గూడా ఇనపడిందప్పా. బావి ల్యాకపాయె, నేనేం తాగల్యా గదా" అన్నాడు. కూటం నవ్వింది, ఆయనా నవ్వాడు. తరువాత గొంతు తగ్గించి, వాళ్లమ్మ చివరి రోజుల్లో తనను మామా అని పిలిచేదని, తాను విసుక్కొని కోపం చేసేవాడినని చెప్పాడు. తాగుడు అభియోగం నిలవలేదని నేను తీర్మానం రాశాను. గంట కొట్టే పని రూతమ్మకు, గది వాళ్లకే. గంట తాడును ఎత్తు కొక్కేనికి చుట్టి పెట్టడం ఆమె బాధ్యత. నా చేతి రాత ఆ పేజీలో కొంచెం వంకరగా ఉంటుంది. కలం తేలికైపోయినట్టుండింది ఆ రోజు.

అప్పటినుంచి ఆదివారాల్లో రూతమ్మ తాడు లాగుతుంటే ఆశీర్వాదం పక్కన నిలబడి లెక్క పెట్టేవాడు. లెక్క ఎన్నడూ తప్పలేదు. ఆ గదిలోనే రెండేళ్లకు ప్రభువునందు నిద్రించాడు.

ఆ తరువాత పదవీ విరమణ వరకు నా విద్యార్థులకు ఇదే చెప్పాను: మనిషి మరచిపోయాడని మీరు చెప్పకండి, ఎవరి చేతా చెప్పించకండి. ఆయన వింటున్నదాన్ని జనానికి వినిపించండి, ఆయన చేతిలోని వస్తువును మూడుసార్లు చూపించండి, కాలం మారిందని మధ్యలో నిలబడి ప్రకటించకండి. ఇంటి విషయంలో నేర్చుకున్నది ఇంకా చిన్నది. ఇచ్చిన చెంబును అందుకొని తాగడం మంచిది.

మీ ఇంట్లో అటువంటి పెద్దవారెవరైనా ఉంటే వారి పేరు తలచుకొని నాతో కూడ ప్రార్థించండి: ప్రభువా, వారు ఏ దినంలో ఉన్నారో ఆ దినంలో వారితో ఉండుము. మాకు ఓర్పు ఇమ్ము. ఆమేన్.