బ్రేకు ప్రోగ్రాం గాలిలో రాదట

ఇన్నాళ్ళూ నా మాట ఎవరూ చెవిన పెట్టలేదు. కారు కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా పాట వినిపించి పెట్టేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్రతి శనివారం నా కారులో దౌల్తాబాద్ వెళ్ళి మా అక్కను సిద్దిపేట దవాఖానకు తీసుకొచ్చేవాడిని. ఆమె మోకాళ్ళకు అక్కడ వ్యాయామం చేయిస్తారు. బస్సు మెట్లు ఎక్కలేదు, ఆటో కుదుపులకు ఓర్చుకోలేదు. దారి పొడుగునా తన వాడకట్టులోని ఇరుగుపొరుగు వాళ్ళందరినీ తిడుతూ ఉండేది. నా ఇంట్లో పలకరించే మనిషి లేడు. వారానికి సరిపడా మాటలు నాకు ఆ దారిలోనే దొరికేవి.

ఒకనాడు స్టీరింగ్ ముందు బ్రేకు గుర్తు పసుపుపచ్చగా వెలిగింది. అదే వారం కంపెనీ సందేశం: కొన్ని బండ్లలో బ్రేకు పెడల్ గట్టిపడవచ్చు, కొత్త సాఫ్ట్‌వేర్ పంపుతున్నాం. కారులోని సిమ్ ద్వారా గాలిలోనే వచ్చి దానంతటదే దిగుతుందట. మా రేకుల షెడ్డులో సిగ్నల్ అందక సగంలో ఆగిపోయేది. బండిని గల్లీలోకి తీసి నిలబెట్టాను. అంతా దిగాక కారులోని తెర నల్లబడి, మళ్ళీ వెలిగి, ‘పూర్తయింది’ అంది. మ్యాపు మారింది, పాటల పేజీ మారింది. పసుపు గుర్తు మాత్రం పోలేదు.

ఆ గుర్తు వెలిగినప్పటి నుంచి తిరుగుతున్న కంపెనీ వర్క్‌షాపుకే మళ్ళీ పోయాను. కౌంటర్ దగ్గరి మనిషి, “మళ్ల వచ్చిన్రా సార్? ఆ కుర్చీ మీకే రాసిస్త తియ్యిన్రి” అన్నాడు. అందరూ నవ్వారు. అది నేను మరిచిపోను.

“తెరకు గాలిల పంపినోళ్లు బ్రేకుకు పంపలేరా?” అని అడిగాను.

“తెరకు ప్రోగ్రాం పెట్టెతందుకు రెండు జాగలుంటయ్ సార్. కొత్తది చెడితే పాతదానితోని నడుస్తది. మీ బండి బ్రేకును నడిపే కంప్యూటర్ డబ్బాకు ఒక్కటే జాగ. పాతది తుడిచి కొత్తది రాయాలె. నడుమల కరెంటు తగ్గితే డబ్బా ఖతం. గందుకే గీడ బ్యాటరీకి చార్జర్ పెట్టి, కేబుల్‌తోని ఎక్కిస్తం.”

“అయితే ఎక్కియ్యి.”

స్టీరింగ్ కింద కేబుల్ తగిలించి లాప్‌టాప్ చాలాసేపు చూశాడు.

“మీ బండికి కంపెనీ ఇంకా పర్మిషన్ ఇయ్యలే సార్. ఇస్తెనే దిగుతది. అడిగి పెట్టినం.”

“అప్పటిదాక మా అక్కను ఎక్కించుకోవచ్చా?”

“గది నేనెట్ల చెప్త సార్? కంపెనీ చెప్పాలె.”

మర్నాడు కంపెనీ నుంచి ఫోనుకు సందేశం వచ్చింది: అప్‌డేట్ పూర్తయినందున మీ ఫిర్యాదు ముగిసింది. తెర పూర్తయింది కాబట్టి బ్రేకు కూడా పూర్తయినట్టు లెక్క వేశారన్నమాట. మళ్ళీ ఫిర్యాదు పెట్టాను. మళ్ళీ ముగించారు.

శనివారాలు వచ్చిపోతున్నాయి, నేను దౌల్తాబాద్‌కు బండి తీయడం లేదు. అక్క ఇప్పుడు గోడ పట్టుకున్నా లేవలేకపోతోంది. మొన్న ఫోన్‌లో, “నువ్వేం పరేషాన్ కాకు తమ్మీ, నేనే దవాఖాన మానుకున్న” అంది. ఎవరినీ తిట్టలేదు. ఆ తర్వాత తను మళ్ళీ ఫోన్ చేయలేదు.

నా ఫిర్యాదును ముగించిన వారెవరో నాకు తెలియదు. నేను అడిగేది ఒక్కటే. ఈ కారులో మా అక్కను కూర్చోబెట్టుకుని సిద్దిపేట రావచ్చా, రాకూడదా? ఎవరో ఒకరు జవాబు చెప్పండి.