ఉప్పునీటి మీద మంచినీళ్లు

మాది మదనపల్లె దగ్గర టమాటా పండించే ఇల్లు. నేను భూగర్భ జలాల చదువు చదివాను. ఉద్యోగం మాత్రం నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డున వచ్చింది. బావుల్లో నీటిమట్టం కొలవడం, నీళ్లలో ఉప్పెంత ఉందో చూడటం నా పని.

ఆ వేసవిలో మా నాయన నన్ను చూడటానికి వచ్చాడు. ఇంట్లో కూర్చోలేక నాతో పొలాలకు బయలుదేరాడు. మేం వెళ్లిన చోట ఒక పెద్దామె ఇసుకనేలలో కనకాంబరాలు, వేరుశనగ వేసింది. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడి ఉన్నాయి.

"ఆరేళ్లు మంచినీళ్లే ఇచ్చిందమ్మా ఈ బోరు. ఇప్పుడు నోట్లో పోసుకుంటే ఉప్పు. రేపు మిషను పిలిపించి ఇంకా లోతు దించుతా" అంది పెద్దామె.

మా నాయనకు వెంటనే హుషారొచ్చింది. "దించండమ్మా, యాల ఆలోచిస్తాండారు? మా పక్క తొమ్మిది నూర్ల అడుగులు పోతే గానీ తడి తగల్దు."

"ఆగు నాయనా. ముందు సూద్దాం" అన్నాను.

రెండు రోజులు మోటారు ఆపించి, పైకి తీయించి, మూడో రోజు బోరులోకి మీటరు తీగ దించాను. ఉప్పు ఎక్కువైతే మీటరులో అంకె పెరుగుతుంది. నీళ్లు తొమ్మిది అడుగుల్లోనే తగిలాయి. పదిహేను అడుగుల దగ్గర అంకె తొమ్మిది వందలు. ముప్పై దగ్గర కూడా వెయ్యి దాటలేదు. నలభై దాటగానే అంకె నాలుగు వేలకు ఎగిరింది. యాభై దగ్గర పన్నెండు వేలు! పుస్తకాల్లో గీసుకున్న బొమ్మ నా చేతిలోని తీగకు తగులుతోంది.

"పైన మంచినీళ్లు ఉండాయి నాయనా, ఈడనే!" అని అరిచాను.

పెద్దామెకు కాగితం మీద గీసి చూపించాను. మంచినీళ్లు తేలిక, సముద్రపు నీళ్లు బరువు. అందుకే ఇసుక లోపల ఉప్పునీటి మీద మంచినీళ్లు తేలుతుంటాయి. పైన నీటిమట్టం ఒక్క అడుగు తగ్గి అలాగే ఉండిపోతే, కాలం గడిచే కొద్దీ కింద ఉప్పునీరు దాదాపు నలభై అడుగులు పైకి రాగలదు. పెద్ద మోటారు రోజంతా లాగితే దాని కిందనే ఉప్పునీరు కుప్పలా లేస్తుంది.

"అంటే లోతు దించితే..." అని పెద్దామె ఆగిపోయింది.

"నేరుగా సముద్రంలోకి దించినట్టే."

మా నాయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "అమ్మా, నేను సెప్పింది తప్పు. మా బండలకు సరిపోయేది మీ ఇసుకకు సరిపోదు."

పెద్దామె ఒక్కసారిగా నవ్వింది. "మా అత్త కాలంలో పొలంలో దొరువు ఉండేది. ఇసుకలో ఇంత గుంట. కడవతో ముంచి చెట్లకు పోసేవాళ్లం. బోరొచ్చాక పూడ్చేశాం."

నేను చెప్పాలనుకున్నది ఆమే చెప్పింది! అదే దొరువును ఈ కాలానికి తగ్గట్టు కట్టాలి. ముందు ఉప్పు పైకి ఎక్కకుండా పాత బోరును బంకమట్టి, సిమెంటుతో పూడ్పించాం. పద్నాలుగు అడుగుల లోతు వరకు సిమెంటు వరలు దించి, అడుగున చుట్టూ ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచాం. ఇసుక రాకుండా వాటికి నైలాను జాలీ చుట్టాం. మా నాయన లుంగీ ఎగ్గట్టి ఆ జాలీ కట్టాడు. ఊరికి పోవాల్సిన వాడు వారం ఆగిపోయాడు.

చిన్న మోటారు పెట్టి మీట నొక్కాం. మొదట గాలి, తర్వాత బురద, తర్వాత తేట నీళ్లు. మీటరు ఎనిమిది వందలు చూపించింది. నాయన దోసిలి పట్టి తాగాడు.

"తియ్యగా ఉండాయమ్మా!"

పెద్దామె తాగలేదు. తలమీద పోసుకుంది.

పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే నడపాలని చెప్పాను. ఆమె ఒక్కతే పాటిస్తే చాలదు. పక్క పొలాల్లో అయిదు బోర్లున్నాయి. వాళ్లను పిలిచి మీటరు చూపించాం. నలుగురు తమ బోర్లు కూడా కొలిపించుకుని, మోటారు వేళలు పంచుకోవడానికి ఒప్పుకున్నారు. అయిదో ఆయన, "నా బోరు ఇంకా బాగానే ఉండాది" అని వెళ్లిపోయాడు. వర్షాకాలానికి ముందు ఒప్పుకున్నవాళ్లందరూ గట్లు పెంచారు, వాననీళ్లు సముద్రంలోకి పారిపోకుండా పొలంలోనే ఇంకాలని.

వానలయ్యాక ఆ నాలుగు బోర్లు మళ్లీ కొలిచాను. ఉప్పు మొదలయ్యే లోతు రెండింటిలో కొద్దిగా కిందికి దిగింది, మిగతావి అలాగే ఉన్నాయి. ఎక్కిన ఉప్పు వెనక్కి పోవడానికి ఏళ్లు పడుతుందని నాకు తెలుసు. అయినా ఆ అంకెలు చూసి పొలం గట్టు మీదే ఎగిరి గంతేశాను. అప్పుడే అయిదో ఆయన సైకిలు దిగి నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, నా బోరులో కూడా ఆ తీగ దించి చూడండి" అన్నాడు.