ఎనిమిదికి ముందు గీత

రాజలక్ష్మి బళ్లారిలో ఒక బ్యాంకులో చెక్కులు చదివేది. చూడటం కాదు, చదవడం. ముందు తారీఖు, తర్వాత ఎవరి పేరున రాశారన్నది, అటుపైన అక్షరాల్లో మొత్తం, చివర అంకెల్లో మొత్తం. అక్షరాలకూ అంకెలకూ పొత్తు కుదరకపోతే చెక్కును వెనక్కి పంపేది. ఇంట్లో కూరగాయల చీటీని కూడా ఆ వరసలోనే చదువుతుందని భర్త గురురాజ వెక్కిరించేవాడు.

తొంభై మూడో సంవత్సరం, పితృపక్షాల రోజులు. సిరుగుప్ప దగ్గర కాలువ కింద వరి పండించే వెంకటకృష్ణయ్య ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన రైతు. బళ్లారి బజారులో ధాన్యం వ్యాపారి రాజగోపాలయ్య ఇచ్చిన చెక్కును ఆయన సిరుగుప్ప బ్రాంచిలో వేశాడు. అది బళ్లారికి వస్తూ తపాలాలో ఎక్కడో పోయింది. మిగిలింది సిరుగుప్పవాళ్లు తీసి ఉంచుకున్న జెరాక్సు కాపీ. దాన్ని పట్టుకుని ఈయన బస్సెక్కాడు. వ్యాపారి చేత మారు చెక్కు రాయించాలంటే పోయిన చెక్కు వివరాలతో ఈ బ్యాంకు ఉత్తరం ఇవ్వాలి.

రాజలక్ష్మి కాపీ చదివింది. తారీఖు సరిగ్గానే ఉంది. పేరూ సరే. అక్షరాల్లో ఎనిమిది వేల నాలుగు వందలు. అంకెల్లో 18,400.

"ఇదేందప్పా, అంకెల్లో ఒకటి ఎక్కువుండాది."

"ఒకటేంటమ్మా! నాకు రావాల్సింది ఎనిమిది వేల నాలుగొందలే. నేను వేసిన స్లిప్పులోనూ అదే రాశాను. ఎరువుల కొట్టువాడు అప్పివ్వనన్నాడు. నీళ్ల వంతు ఉండగా యూరియా పడకపోతే పైరు పిలక వేయదు."

ఆమె కాపీని మేనేజరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు.

"ఏన్రీ, ఎవరో ముందు ఒకటి గీసినారు. దిద్దుబాటు!"

"రెండూ కలవకపోతే అక్షరాలదే చెల్లుబాటని చట్టంలో ఉండాది గదా సార్?"

"చట్టం చట్టమే, బ్యాంకు బ్యాంకే. తేడా ఉంటే మనం వాపసు చేస్తాం. ఈడ అసలు చెక్కే లేదు. శెట్రు వచ్చి చెప్పనీ, అప్పుడు ఉత్తరం."

చెక్కు రాసిన రాజగోపాలయ్య శెట్టిగారు ఊళ్లో లేడు. గయకు వెళ్లాడు. బతికున్నప్పుడు తండ్రితో మూడేళ్లు మాట్లాడని మనిషి, పోయాక పిండాలు పెట్టడానికి మూడు రైళ్లు మారాడు. కొట్లో గుమాస్తాకు సంతకం చేసే అధికారం లేదు.

వెంకటకృష్ణయ్య మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"దొంగలా చూస్తున్నారేంటమ్మా నన్ను? ఎక్కువ రాసుకునేవాణ్ణయితే స్లిప్పులో తక్కువెందుకు రాస్తాను?"

రాజలక్ష్మి కాపీని రోజూ తీసి చూసేది. ఆ ఒకటి మిగతా అంకెలకన్నా లావుగా, తలా తోకా లేకుండా ఉంది. పెన్ను గీత కాదేమోనని అనుమానం. కానీ అనుమానాన్ని ఏ ఉత్తరంలో రాస్తారు?

శెట్టిగారు దిగాడని తెలిసిన రోజు అన్నం వేళకు ఆమె క్యారియరు విప్పలేదు. బజారుకు వెళ్లి కాపీ ఆయన ముందు పెట్టింది. ఆయన మండిపడ్డాడు.

"నా చెక్కు మింద దిద్దుబాటంటావా తల్లీ? మూడు తరాల అంగడి ఇది! అది కొత్త చెక్కుబుక్కులో మొదటి కాగితం. మొదటి కాగితానికి బొట్టు పెట్టకుండా మా ఇంట్లో ఎవురూ ఇయ్యరు."

పెట్టె తెరిచి చెక్కుబుక్కు చూపించాడు. చింపగా మిగిలిన మొదటి ముక్క మీద ఉంగరపు వేలితో పైనుంచి కిందకు లాగిన కుంకుమ గీత, ఎర్రగా. చెక్కు మీద కూడా అలాగే లాగాడు, సరిగ్గా ఎనిమిదికి ముందు. చెక్కు మీద దాన్ని ఎవరూ అంకె అనుకోరు. జెరాక్సు మిషనుకు ఎరుపూ నలుపే.

"శెట్రే, లక్ష్మీదేవికి అంకెల పక్కన తప్ప జాగా దొరకలేదా?"

"ఎనకాల పెడ్తే దేవతకు ఎనకాలే గదమ్మా పెట్టినట్టు!"

ఆయన చెప్పింది రాయించి సంతకం తీసుకుంది. మేనేజరు అది చదివి, "ఓ, కుంకుమనా!" అని నవ్వి ఉత్తరం మీద సంతకం చేశాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండింది. పాత చెక్కుకు చెల్లింపు ఆపారు, మారు చెక్కు వచ్చింది, డబ్బు టెలిగ్రాం మీద సిరుగుప్పలో జమ అయింది.

జమ అయిందని చెప్పడానికి ఆమే సిరుగుప్ప బ్రాంచికి ఫోన్ చేసింది. వెంకటకృష్ణయ్య అక్కడే ఉన్నాడు.

"వచ్చాయమ్మా. కాలువ నీళ్లు నిన్ననే ఆపేశారు. ఎండిన మడిలో యూరియా చల్లితే గాలికి పోతుంది. ఈ డబ్బుతో ఇప్పుడు నన్నేం చేయమంటారో మీ మేనేజరు గారిని అడిగి చెప్పండి."

ఆమె ఫోన్ పెట్టేసింది. బల్ల మీద రాజగోపాలయ్య ఇచ్చిన మారు చెక్కు ఉంది. తారీఖు, పేరు, అక్షరాలు, అంకెలు అన్నీ కలిశాయి. ఎనిమిదికి ముందు, ఈసారి మరింత లావుగా, కుంకుమ గీత. మొదటిది అచ్చిరాలేదని శెట్టిగారు రెండో కాగితానికీ బొట్టు పెట్టాడు.